అరువు సరుకుకు ఇచ్చిన చెక్కు తిరిగొచ్చింది: కొనుగోలుదారుకు ఉత్తరం ఎలా రాయాలి?

ప్రశ్న: ఆదోనిలో మాకు వేరుశనగ పప్పు మిల్లు ఉంది. అనంతపురంలోని ఒక నూనె మిల్లుకు అరువు మీద మూడు లోడ్లు పంపాం. బిల్లులు 2025 నవంబరు 24న రూ. 6,40,000, డిసెంబరు 8న రూ. 6,15,000, డిసెంబరు 22న రూ. 5,85,000. మొదటి బిల్లు కింద నాలుగు లక్షలు కట్టారు. రెండు, మూడు బిల్లులకు కలిపి ఫిబ్రవరి 2 తేదీతో రూ. 12 లక్షల చెక్కు ఇచ్చారు. ఖాతాలో డబ్బు లేదని ఫిబ్రవరి 10న చెక్కు వెనక్కి వచ్చింది. 12న ఏ మాటా చెప్పకుండా యాభై వేలు మా ఖాతాలో వేశారు. ఉగాది దాటాక అంతా సర్దుతానంటున్నారు. పదేళ్ల పరిచయం. ఉత్తరం రాయాలనుకుంటున్నాను. ఎంత అడగాలి, ఎన్ని రోజులు గడువివ్వాలి, కట్టకపోతే ఏం చేస్తామని రాయాలి?

జవాబు:

ముందు ఉగాది సంగతి తేల్చుకుందాం, మీ వ్యవహారమంతా దాని చుట్టూనే తిరుగుతోంది. ఈ ఏడాది ఉగాది మార్చి 19న. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు నుంచి మీకు తెలిసిన రోజు ఫిబ్రవరి 10. ఆనాటి నుంచి 30 రోజుల్లోగా మీరు లిఖితపూర్వకంగా డబ్బు అడగాలని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 చెబుతోంది. తెలిసిన రోజును వదిలేసి లెక్కపెడితే ఆ 30 రోజులు మార్చి 12తో ముగుస్తాయి. మీ కొనుగోలుదారు అడుగుతున్న వాయిదా సరిగ్గా ఆ గడువును దాటిస్తుంది. ఆయన కావాలనే అలా అడిగారని నేను అనను. నూనె మిల్లులకు డబ్బు ఎప్పుడు చేతికొస్తుందో ఆయనకే తెలుసు. కానీ చెక్కు కేసులు చూసే న్యాయవాదిగా నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది ఇలాంటి పండగ వాయిదా విని, గడువు దాటాకే వస్తారు.

కాబట్టి ఉత్తరం ఈ వారమే వెళ్లాలి. ఆయన మీద నమ్మకం ఉన్నా వెళ్లాలి. మీ పరిచయం చెడకుండా ఉండాలంటే ముందుగా ఫోను చేసి, 'మా ఆడిటరు, బ్యాంకు అడుగుతున్నారు, ఒక నోటీసు వస్తుంది, తీసుకోండి' అని చెప్పండి. ఆ ఫోనులో ఉగాది వరకు ఆగుతానని మాత్రం అనకండి. వాట్సాప్‌లో అసలే రాయకండి. మర్యాద కోసం రాసిన ఒక్క వాక్యం రేపు కోర్టులో 'వాళ్లే గడువు పొడిగించారు' అనే వాదనకు ఆధారమవుతుంది.

ఇక ఎంత అడగాలన్నది. ఉత్తరంలో అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. మీ ఖాతా పుస్తకం ప్రకారం ఆయన నుంచి రావాల్సింది రూ. 13,90,000. సహజంగా ఎవరైనా 'మీ మొత్తం బాకీ రూ. 13,90,000 వెంటనే కట్టండి' అని రాస్తారు. అలా రాస్తే నోటీసు చెల్లకుండా పోతుంది. సెక్షన్ 138 అడగమన్నది చెక్కు మీద ఉన్న మొత్తాన్ని. 2007లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసు దాదాపు మీలాంటిదే. అందులో చెక్కు లక్ష రూపాయలది. నోటీసులో మాత్రం బిల్లుల మొత్తం బాకీ ఎనిమిది లక్షల పైచిలుకు అడిగారు. చెక్కు సొమ్మును విడిగా అడగలేదు కనుక ఆ నోటీసు చెల్లదని కోర్టు తేల్చింది. 2025 సెప్టెంబరులో మరో తీర్పు వచ్చింది. కోటి రూపాయల చెక్కుకు నోటీసులో రెండు కోట్లు అని పడింది. టైపు పొరపాటని చెప్పినా కోర్టు ఒప్పుకోలేదు. నోటీసులోని అంకె, చెక్కులోని అంకె ఒకటే కావాలంది.

అలాగని మిగతా బాకీ గురించి రాయకూడదని కాదు. చెక్కు సొమ్ము ఇంత అని స్పష్టంగా వేరు చేసి చూపి, వడ్డీ, ఖర్చులు, ఇతర బాకీలు వేరే పేరాలో రాస్తే నోటీసుకు ఇబ్బంది లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. అన్నిటినీ ఒకే అంకెలోకి కలిపేయడమే ప్రమాదం. నేను రాసే నోటీసుల్లో డిమాండు పేరాలో ఒక్క అంకే ఉంటుంది, దాన్ని అక్షరాల్లోనూ రాస్తాను. మిగతా బాకీ ప్రస్తావన ఆ తర్వాతి పేరాలో, అది వేరే లెక్క అని చెప్పే మాటతో మొదలవుతుంది.

ఆ యాభై వేలు ఎక్కడ జమ కట్టాలన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది, కానీ ఇక్కడే మీ అదృష్టం బాగుంది. చెక్కు రెండు, మూడు బిల్లులకు సరిగ్గా సరిపోయింది: 6,15,000, 5,85,000 కలిపితే 12,00,000. మొదటి బిల్లులో ఇంకా రూ. 2,40,000 మిగిలి ఉంది. అప్పు తీర్చేవాడు ఏ బాకీ కింద కడుతున్నాడో చెప్పకపోతే, పరిస్థితులను బట్టి కూడా అది తెలియకపోతే, అప్పు ఇచ్చినవాడు తనకు చట్టబద్ధంగా రావాల్సిన ఏ బాకీ కిందనైనా జమ కట్టుకోవచ్చని భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 60 చెబుతోంది. అందుకని ఆ యాభై వేలను పాత బిల్లు కిందే జమ కట్టండి. లెడ్జరులో ఈరోజే అలా రాయండి, ఉత్తరంలోనూ అదే చెప్పండి. అప్పుడు చెక్కు సొమ్ము పన్నెండు లక్షలూ చెక్కు చెదరకుండా నిలుస్తుంది. మొదటి బిల్లు బాకీ రూ. 1,90,000 అవుతుంది.

ఒక్క జాగ్రత్త. ఆయన డబ్బు వేసిన రోజు మీ ఫోనుకో, మీ గుమాస్తా ఫోనుకో 'చెక్కు తాలూకు యాభై వేశాను' అన్న మెసేజ్ వచ్చి ఉందేమో చూడండి. బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ జమ పక్కన ఏమైనా రాసి ఉందేమో కూడా చూడండి. ఉంటే దాన్ని పాత బిల్లుకు మళ్లించడం కుదరదు. అప్పుడు నోటీసులో చెక్కు మొత్తం, ఆ తర్వాత వచ్చింది, ఇంకా రావాల్సింది మూడూ విడివిడిగా కనబడాలి. అది కాస్త సున్నితమైన రాత. ఆ పరిస్థితి వస్తే కింది నమూనాను అలాగే వాడకుండా ఆదోనిలోనే ఒక న్యాయవాదికి కాగితాలు చూపించి రాయించండి.

చెక్కు తిరిగిరాక ముందే ఆయన కొంత కట్టి ఉంటే మీ స్థితి ఇంకా చిక్కుల్లో ఉండేది. చెక్కు ఇచ్చాక, బ్యాంకులో వేయకముందు అప్పులో కొంత తీరిపోతే, ఆ సంగతి చెక్కు మీద రాయించకుండా పూర్తి మొత్తానికి వేయడం కుదరదని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మీ నాలుగు లక్షలు మొదటి బిల్లువి కనుక ఆ బాధ మీకు లేదు. ఆ జమ మొదటి బిల్లు కిందే పడినట్టు లెడ్జరు చూపించాలి, అంతే.

గడువు విషయంలో మీకు ఎంపిక లేదు, పదిహేను రోజులే రాయండి. నోటీసు అందిన నాటి నుంచి 15 రోజుల్లో కట్టకపోతేనే నేరం పూర్తవుతుంది. ఆ తర్వాత ఒక నెలలోగా మీరు మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు వేయాలి. కొందరు దయతలచి నోటీసులో 45 రోజులు, రెండు నెలలు అని రాస్తారు. చట్టం లెక్క మాత్రం 15 రోజుల దగ్గరే మొదలవుతుంది. మీరిచ్చిన 45 రోజులు అయ్యేసరికి మీ ఫిర్యాదు గడువూ అయిపోతుంది. ఆలస్యానికి తగిన కారణం చూపితే కోర్టు క్షమించే వీలుంది. దయ తలచానన్నది మాత్రం అంత బలమైన కారణం కాదు. కోపంతో 'వారం రోజుల్లో' అని రాసినా ప్రయోజనం లేదు. పదిహేను రోజులు నిండకముందు వేసిన ఫిర్యాదు నిలవదు.

మీ తేదీలతో లెక్క కడతాను. ఉత్తరం ఫిబ్రవరి 16, సోమవారం పోస్టులో పడిందనుకుందాం. 18న ఆయనకు అందింది. అందిన రోజును వదిలేస్తే 19 మొదటి రోజు, మార్చి 5 పదిహేనో రోజు. ఆ రోజు ముగిసేలోగా డబ్బు రాకపోతే మార్చి 6న మీకు ఫిర్యాదు హక్కు పుడుతుంది. అక్కడి నుంచి నెల, అంటే ఏప్రిల్ 6 వరకు. ఈ లెక్కలో ఉగాది సరిగ్గా మధ్యలో పడుతోంది, గమనించండి. ఆయన నిజంగానే ఉగాది తర్వాత వారంలో కడితే మీరు ఫిర్యాదు కాగితాలు సిద్ధం చేసి పెట్టుకొని ఆగవచ్చు. హక్కు పోదు, పరిచయమూ పోదు. ఏప్రిల్ మొదటి రోజుల దాకా మాత్రం లాగకండి.

ఇప్పుడు ఉత్తరం. తెలుగులో రాయవచ్చు, చట్టం భాషనూ నమూనానూ నిర్దేశించలేదు. న్యాయవాదే పంపాలన్న నియమమూ లేదు. మీ సంస్థ లెటర్‌హెడ్ మీద మీరే సంతకం చేసి పంపవచ్చు. పదేళ్ల పరిచయం ఉన్నచోట అదే మంచిదని నా అభిప్రాయం, వకీలు నోటీసు కాస్త ముఖం మీద కొట్టినట్టు ఉంటుంది. ఆయనది భాగస్వామ్య సంస్థ అనుకొని రాస్తున్నాను. ఒక్కరి సొంత సంస్థ అయితే సంస్థ పేరు, యజమాని పేరు ఒకేచోట రాయండి. భాగస్వామ్యమైతే సంస్థకు ఒకటి, చెక్కుపై సంతకం పెట్టిన భాగస్వామికి ఒకటి, వ్యాపారం నడిపే ఇతర భాగస్వాములకు తలా ఒకటి పంపండి.

---

తేదీ: 16-02-2026
ఆదోని

స్పీడ్ పోస్టు ద్వారా, డెలివరీ రుజువుతో

పంపువారు: (మీ సంస్థ పేరు, పూర్తి చిరునామా, జీఎస్టీ నంబరు)

పొందువారు:
1. (నూనె మిల్లు పేరు), భాగస్వామ్య సంస్థ, (బిల్లులో ఉన్న చిరునామా), అనంతపురం
2. శ్రీ (చెక్కుపై సంతకం చేసిన భాగస్వామి పేరు) గారు, (ఇంటి చిరునామా)

విషయం: చెల్లింపు కాకుండా తిరిగివచ్చిన రూ. 12,00,000 చెక్కు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 1881 సెక్షన్ 138 కింద డిమాండు నోటీసు.

అయ్యా,

మీ ఆర్డరు మేరకు మేము మీకు వేరుశనగ పప్పు సరఫరా చేసి, 24-11-2025, 08-12-2025, 22-12-2025 తేదీలతో వరుసగా రూ. 6,40,000, రూ. 6,15,000, రూ. 5,85,000 మొత్తాలకు (నంబర్లు ....) బిల్లులు ఇచ్చాము. సరుకు మీ మిల్లుకు చేరినట్టు మీ సిబ్బంది సంతకాలు చేసిన రసీదులు, వేబ్రిడ్జి చీటీలు, ఈ-వే బిల్లులు మా వద్ద ఉన్నాయి. సరుకు తూకం గురించి గాని, నాణ్యత గురించి గాని మీ నుంచి నేటి వరకు ఎలాంటి అభ్యంతరమూ రాలేదు.

పై వాటిలో 08-12-2025, 22-12-2025 నాటి రెండు బిల్లుల మొత్తం రూ. 12,00,000 చెల్లించేందుకు మీరు 02-02-2026 తేదీ గల చెక్కు నంబరు ...., (మీ బ్యాంకు, శాఖ) పై, రూ. 12,00,000 మొత్తానికి మాకు ఇచ్చారు. దానిపై సంస్థ తరఫున మీలో రెండవవారు సంతకం చేశారు.

సదరు చెక్కును మేము (మా బ్యాంకు) ఆదోని శాఖలోని మా ఖాతాలో జమకు వేయగా, ఖాతాలో తగినంత నిల్వ లేదన్న కారణంతో అది చెల్లింపు కాకుండా తిరిగివచ్చింది. ఈ విషయం 10-02-2026 నాటి రిటర్న్ మెమో ద్వారా మాకు అదే రోజు తెలిసింది.

కావున ఈ నోటీసు మీకు అందిన తేదీ నుంచి 15 రోజులలోగా సదరు చెక్కు మొత్తం రూ. 12,00,000 (అక్షరాలా పన్నెండు లక్షల రూపాయలు) మాకు చెల్లించవలసిందిగా డిమాండు చేస్తున్నాము. చెల్లింపు ఆర్టీజీఎస్ ద్వారా మా (బ్యాంకు, ఖాతా వివరాలు) ఖాతాకు పంపగలరు.

పై చెక్కుతో సంబంధం లేని వేరే లెక్కగా, 24-11-2025 నాటి బిల్లు కింద రూ. 2,40,000 బాకీ ఉండగా, 12-02-2026న మీ నుంచి వచ్చిన రూ. 50,000 దేని కింద జమ కట్టాలో మీరు తెలపనందున ఆ పాత బాకీ కింద జమ కట్టుకున్నాము. మిగిలిన రూ. 1,90,000 కూడా మీరు చెల్లించవలసి ఉన్నది. బిల్లులపై ముద్రించిన షరతు ప్రకారం గడువు దాటిన మొత్తాలపై సంవత్సరానికి 18 శాతం వడ్డీని విడిగా వసూలు చేసుకొనే హక్కును మేము వదులుకోవడం లేదు.

పైన చెప్పిన 15 రోజులలోగా చెక్కు మొత్తం చెల్లించని పక్షంలో, సెక్షన్ 138 కింద ఆదోనిలోని తగిన మేజిస్ట్రేటు కోర్టులో మీ సంస్థపైన, బాధ్యులైన భాగస్వాములపైన ఫిర్యాదు దాఖలు చేస్తాము. మొత్తం బాకీని, వడ్డీని, ఖర్చులను సివిల్ చర్యల ద్వారా వసూలు చేసుకుంటాము. చెల్లింపు జరిగే వరకు మీకు అరువుపై కొత్త సరుకు పంపలేము.

మన మధ్య ఇన్నేళ్లుగా ఉన్న వ్యాపార సంబంధం దృష్ట్యా ఈ విషయం గడువులోగా పరిష్కారమవుతుందని ఆశిస్తున్నాము. ఈ నోటీసు నకలు మా వద్ద ఉన్నది.

ఇట్లు,
(సంస్థ తరఫున సంతకం, పేరు, హోదా, ముద్ర)

---

ఈ నమూనాలో నేను కావాలని వదిలేసిన మాటలు కొన్ని ఉన్నాయి. 'పోలీసు కేసు పెడతాం, అరెస్టు చేయిస్తాం' అని ఎక్కడా లేదు. సెక్షన్ 138 ఫిర్యాదు మీరే నేరుగా మేజిస్ట్రేటుకు ఇచ్చుకోవాల్సింది, స్టేషనులో ఇచ్చేది కాదు. రుజువైతే రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఆ మాట రాయాలనుకుంటే చట్టంలో ఉన్నంతే రాయండి, పెంచి రాయకండి. 'మార్కెట్లో మీ పరువు తీస్తాం', 'మీకు సరుకిచ్చే మిగతావాళ్లందరికీ చెబుతాం' వంటి మాటలైతే మీకే ఎదురు కేసవుతాయి. ఈ ఉత్తరాన్ని మొదట చదివేది కొనుగోలుదారే గాని, రెండోసారి శ్రద్ధగా చదివేది మేజిస్ట్రేటు. ఆయన ముందు మీరు ఎలా కనబడాలనుకుంటారో అలా రాయండి.

సరుకు మీద అభ్యంతరం రాలేదన్న వాక్యం ఎందుకుందంటే, నోటీసు అందగానే వచ్చే జవాబుల్లో సగానికి సగం 'పప్పు తేమగా ఉంది, బూజు పట్టింది, అందుకే చెల్లింపు ఆపాం' అని ఉంటాయి. చెక్కు బాకీ తీర్చడానికే ఇచ్చినట్టు సెక్షన్ 139 కింద కోర్టు ముందుగా భావిస్తుంది, కాదని చూపాల్సిన భారం ఆయనది. అయినా ఆ వాదన పుట్టకముందే దాన్ని కాగితం మీద మూసేయడం తేలిక. నిజంగా ఏదైనా లోడు మీద ఆయన అప్పట్లో ఫిర్యాదు చేసి ఉంటే మాత్రం ఆ వాక్యం తీసేయండి. అబద్ధం రాస్తే ఉత్తరం మొత్తం బలహీనపడుతుంది.

ఆదోని కోర్టు అని రాయడం వెనకా కారణముంది. మీ ఖాతా ఉన్న శాఖ ఏ కోర్టు పరిధిలో ఉందో ఆ కోర్టులోనే ఫిర్యాదు వేయాలని 2015 సవరణ నుంచి చట్టం చెబుతోంది. కనుక మీరు అనంతపురం తిరగనక్కర్లేదు, ఆయనే ఆదోని రావాలి. ఈ ఒక్క సంగతి గ్రహించాక చెల్లింపు మాటలు మొదలుపెట్టే కొనుగోలుదారులు ఉన్నారు.

సివిల్ చర్యలు అని మాత్రమే రాసి, 'వెంటనే దావా' అని రాయకపోవడానికి ఇంకో కారణం. మూడు లక్షలు దాటిన వ్యాపార వివాదంలో అత్యవసర ఉత్తర్వు ఏదీ కోరకపోతే, దావాకు ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా మధ్యవర్తిత్వానికి వెళ్లడం తప్పనిసరి. మీ రూ. 13,90,000 ఆ పరిధిలోకి వస్తుంది. దావాకు మూడేళ్ల గడువు ఉంది కనుక అక్కడ తొందర లేదు. తొందరంతా చెక్కుదే.

పంపడం గురించి రెండు మాటలు. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కౌంటరులో డెలివరీ రుజువు కావాలని ప్రత్యేకంగా అడగండి. మిల్లు చిరునామాకు ఒకటి, ఇంటికి ఒకటి పంపి, రెండు రసీదులూ నకలుకు కుట్టి పెట్టండి. డెలివరీ కాగానే ట్రాకింగ్ పేజీ ప్రింటు తీసుకోండి, నెలల తర్వాత వెతికితే అది దొరకకపోవచ్చు. వాట్సాప్‌లో ఫోటో పంపితే పంపండి, అది అదనం మాత్రమే. కవరు 'తీసుకోలేదు' అనో 'తలుపు తాళం' అనో తిరిగొస్తే కంగారు పడకండి, విప్పకండి. సరైన చిరునామాకు పంపిన నోటీసు అందినట్టే భావించవచ్చని సుప్రీంకోర్టు 2007లో చెప్పింది. ఆ విప్పని కవరే మీ సాక్ష్యం.

అసలు చెక్కు, రిటర్న్ మెమో మీ చేతిలో ఉన్నాయో లేవో ఇప్పుడే చూసుకోండి. ఎస్ఎంఎస్ చూసి ఊరుకునేవాళ్లు ఉంటారు, మెమో బ్యాంకు డ్రాయరులోనే ఉండిపోతుంది. ఏ కారణం చేతనైనా మార్చి 12 దాటిపోతే కూడా దారి పూర్తిగా మూసుకుపోదు. చెక్కు తేదీ నుంచి మూడు నెలల్లోపు, అంటే ఏప్రిల్‌లోనే, దాన్ని మళ్లీ బ్యాంకులో వేయవచ్చు. మళ్లీ తిరిగొస్తే కొత్త మెమో తేదీ నుంచి కొత్తగా 30 రోజులు వస్తాయి. దీన్ని ముందే ఎత్తుగడగా పెట్టుకోకండి, అప్పటికి ఆయన ఖాతానే మూసేయవచ్చు. మూసేసినా సెక్షన్ 138 వర్తిస్తుంది, కానీ డబ్బు అంత దూరం జరిగిపోయి ఉంటుంది.

ఇక నోటీసు అందాక ఏం జరుగుతుందో చెబుతాను. పన్నెండో రోజో పద్నాలుగో రోజో ఆయన ఆరేడు లక్షలు తెచ్చి, మిగతాదానికి కొత్త చెక్కు ఇస్తానంటారు, పాత చెక్కు వెనక్కివ్వమంటారు. డబ్బు తీసుకోండి. చెక్కు సొమ్ములో భాగంగా ఇంత అందింది, ఇంత మిగిలింది అని రసీదు రాసి ఆయన సంతకం తీసుకోండి. గడువులోగా పూర్తి మొత్తం రాకపోతే మిగిలిన దానికి మీ ఫిర్యాదు హక్కు అలాగే ఉంటుంది, అందినదాన్ని ఫిర్యాదులో చూపాలి, అంతే. కొత్త చెక్కు మాత్రం వద్దనండి. పాత చెక్కు బదులు కొత్తది తీసుకున్నారంటే పాత బాధ్యత ఆ కొత్త ఒప్పందంలో కలిసిపోయిందని వాదించవచ్చు, మీరు మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. మిగతాదానికి ఆర్టీజీఎస్ తేదీలు రాసిచ్చి సంతకం పెట్టమనండి. ఆఖరి తేదీ మార్చి నెలాఖరు దాటకూడదు. పాత చెక్కు, మెమో చివరి రూపాయి జమ అయ్యేదాకా మీ బీరువాలోనే ఉండాలి. ఫిర్యాదు వేశాక కూడా ఇద్దరూ రాజీ పడవచ్చు, సెక్షన్ 147 అందుకు వీలిస్తుంది. కాబట్టి ఫిర్యాదు వేస్తే సంబంధం తెగిపోతుందన్న భయంతో ఏప్రిల్ 6 దాటనివ్వకండి.